పంపిన పేపర్ వెనక్కి తీసుకుందామని సహరచయిత రాసే లేఖ: అపోహలు - వాస్తవాలు

అనంతపురం ఎర్ర నేలల్లో శెనక్కాయ ట్రయల్ ఒకటి అనుకుందాం. నాలుగు తడి పద్ధతులు, మూడు రెప్లికేషన్లు, మొత్తం 12 ప్లాట్లు. ప్లాటుకు పది చెట్లు పీకి కాయలు లెక్కపెట్టారు. పేపర్ జర్నల్‌కు వెళ్లాక సహరచయిత స్క్రిప్ట్ తెరిచి చూస్తే, 120 చెట్లూ 120 రెప్లికేషన్లుగా లెక్కలోకి పోయాయి.

అపోహ: డేటా నిజమైనదే కదా, ఇది చిన్న పొరపాటు.

తడి ఇచ్చింది ప్లాటుకు, చెట్టుకు కాదు. ఒకే ప్లాటులోని చెట్లకు మట్టీ తేమా ఒకటే. బ్లాకుల డిజైన్‌లో ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (4−1)×(3−1) = 6 రావాలి, ఇక్కడ 116 వచ్చింది. దాంతో 5% స్థాయిలో F దాటాల్సిన విలువ 4.76 నుంచి సుమారు 2.68కి పడిపోయింది. పేపర్లో వేసిన 3.40 దాటింది ఈ రెండోదాన్నే. తడుల తేడాను పరీక్షించిన ఎర్రర్ df ప్లాట్ల సంఖ్యను మించితే అనుమానించాల్సిందే.

```r
aov(pods ~ trt, data = d)
aov(pods ~ trt + Error(block/plot), data = d)
```

మొదటిది తప్పు, రెండోది సరైనది. `block`, `plot`, `trt` మూడూ ఫ్యాక్టర్లుగా ఉండాలి, లేకుంటే రెండోదీ తప్పుతుంది.

అపోహ: రివ్యూయర్లు పట్టుకుంటే రివిజన్‌లో దిద్దుదాం.

చాలాసార్లు రివ్యూయర్ ముందుండేది టేబులే, చెట్టువారీ షీటు కాదు. దిద్దాక కూడా ఫలితం నిలిస్తే ఎడిటర్‌కు చెప్పి సవరించవచ్చు. ఇక్కడ దిద్దితే F 2.10కి దిగింది, పేపర్ శీర్షికే నిలవదు. వెనక్కి తీసుకోవడమే దారి.

అపోహ: సహరచయిత నేరుగా ఎడిటర్‌కు రాసేయాలి.

ముందు కరస్పాండింగ్ ఆథర్‌కు, మిగతా రచయితలందరికీ కాపీతో రాయాలి. వెనక్కి తీసుకునే కోరికకు అందరి సమ్మతి ఉందా అని జర్నళ్లు సాధారణంగా అడుగుతాయి. గైడ్ గారికి రాసేటప్పుడు మర్యాద ఎంతైనా ఉండనీ, తప్పు ఎక్కడుందో మాత్రం మొదటి పేరాలోనే చెప్పాలి:

> సార్, నమస్కారం. మన పేపర్ టేబుల్ 3లో చెట్లను రెప్లికేషన్లుగా తీసుకున్నాం. ప్లాటువారీగా చేస్తే F 3.40 కాదు, 2.10 వస్తోంది, తడుల మధ్య తేడా సిగ్నిఫికెంట్ కావడం లేదు. పాత, కొత్త స్క్రిప్టులు, డేటా షీటు జతచేశాను. వేరొకరితో కూడా సరిచూయించండి. నా లెక్క సరైనదైతే పేపర్ వెనక్కి తీసుకుంటున్నట్టు ఎడిటర్‌కు రాయమని మనవి. వచ్చే శుక్రవారంలోగా మీ మాట తెలియజేయగలరు.

‘ఎవరు చేశారు’ అనే మాట ఇందులో అక్కర్లేదు. అది వస్తే చర్చ లెక్క మీద నుంచి మనుషుల మీదకు పోతుంది. జవాబు రాకపోతే మరోసారి గుర్తుచేయాలి. అప్పటికీ కదలిక లేకుంటే, ఆ సంగతి అందరికీ చెప్పిన తర్వాతే ఎడిటర్‌కు రాయవచ్చు.

అపోహ: వెనక్కి తీసుకుంటే రిట్రాక్షన్ మచ్చ పడుతుంది.

రిట్రాక్షన్ అచ్చయిన పేపర్‌కే. రివ్యూలో ఉండగా తీసుకుంటే మామూలుగా బయట నోటీసు ఉండదు. అయితే యాక్సెప్ట్ అయి ఆన్‌లైన్‌లో కనిపించాక కొన్ని జర్నళ్లు ఆ పేజీలోనే నోటీసు పెడతాయి, అందుకే ఆలస్యం చేయకూడదు. ఎడిటర్ నుంచి రాతపూర్వక ధ్రువీకరణ అందాకే, సరిదిద్దిన పేపర్‌ను ఇంకో జర్నల్‌కు పంపాలి. ముందే పంపితే అది డూప్లికేట్ సబ్మిషన్ కిందికి వస్తుంది.