బటర్‌వర్త్, చెబిషెవ్, ఎలిప్టిక్ ఫిల్టర్లు: ఒకే స్పెసిఫికేషన్ మీద మూడు అపోహలు

అనంతపురం దగ్గర చీనీ తోటల్లో బోరు మోటార్లకు కంట్రోలర్లు పెడుతుంటాం. డ్రిప్ లైన్ ప్రెషర్‌ని సెకనుకు 2000 శాంపిళ్ల చొప్పున తీసుకుంటాం, ఎందుకంటే ప్రెషర్ ఎంతుందో తెలిస్తే చాలదు, పంపులో తేడా వస్తే కనిపించే చిన్న చిన్న అదురు కూడా కావాలి. అది మాకు 200 హెర్ట్జ్ లోపే ఉంటుంది. మోటారు డ్రైవ్‌లోని త్రీ ఫేజ్ రెక్టిఫైయర్ నుంచి 300 హెర్ట్జ్ దగ్గర నాయిస్ వస్తుంది (50 హెర్ట్జ్‌కి ఆరు రెట్లు). కాబట్టి ఆ నాయిస్‌ని ఆపే లో-పాస్ ఫిల్టర్‌కి స్పెసిఫికేషన్ ఇది: 200 వరకు 1 డెసిబెల్‌కి మించి తగ్గకూడదు, 300 నుంచి కనీసం 40 డెసిబెల్స్ తగ్గాలి.

అపోహ: బటర్‌వర్త్ ఫ్లాట్‌గా ఉంటుంది, అదే పెడితే టెన్షన్ ఉండదు.

ఫ్లాట్ అన్నది సున్నా దగ్గర మాట. 180 హెర్ట్జ్ దగ్గర 0.08 డెసిబెల్ మాత్రమే పోతుంది, అంచు 200 దగ్గరికి వచ్చేసరికి ఇచ్చిన 1 డెసిబెలూ వాడేస్తుంది. అంటే మనం ఇచ్చిన వెసులుబాటు మొత్తం చివరి 20 హెర్ట్జ్‌లోనే ఖర్చయింది, మిగతా పాస్‌బ్యాండ్‌లో ఊరికే పడి ఉంది. చెబిషెవ్ ఆ 1 డెసిబెల్‌ని పాస్‌బ్యాండ్ అంతా సమానంగా పరుస్తుంది, ఎలిప్టిక్ స్టాప్‌బ్యాండ్‌లో కూడా అదే పని చేస్తుంది, అందుకే వాటికి తక్కువ ఆర్డర్ సరిపోతుంది. బైలీనియర్ పద్ధతిలో పై స్పెసిఫికేషన్‌కి లెక్క వేస్తే బటర్‌వర్త్ 12, చెబిషెవ్ 6, ఎలిప్టిక్ 4 వస్తాయి. చాలామంది మూడింటినీ ఒకే ఆర్డర్ పెట్టి పోలుస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది: ఆరో ఆర్డర్ బటర్‌వర్త్ 300 దగ్గర 17.7 డెసిబెల్సే తగ్గిస్తుంది, మనకు కావలసింది 40.

ఇంకో పొరపాటు కోడ్‌లో జరుగుతుంది. `butter`కి ఇచ్చే ఫ్రీక్వెన్సీ 3 డెసిబెల్స్ తగ్గే చోటు, `cheby1`, `ellip`లకు ఇచ్చేది రిపిల్ ముగిసే అంచు. అన్నిటికీ 200 అని రాస్తే బటర్‌వర్త్ స్పెసిఫికేషన్ తప్పుతుంది, దానికి 211 దరిదాపుల్లో ఇవ్వాలి. ఆ పని దీనికి వదిలేయండి:

```python
from scipy import signal

n, wn = signal.buttord(200, 300, 1, 40, fs=2000)
sos = signal.butter(n, wn, output='sos', fs=2000)
```

అపోహ: రిపిల్ అంటే రీడింగ్ అటూ ఇటూ ఊగడం.

కాదు. ఒక ఫ్రీక్వెన్సీకీ ఇంకోదానికీ గెయిన్‌లో ఉండే తేడా అది, టైమ్‌తో ఊగేది కాదు. నిలకడగా ఉన్న సిగ్నల్ నిలకడగానే వస్తుంది, కాకపోతే కొంచెం తగ్గి రావచ్చు. ఈ "కొంచెం" మమ్మల్ని రెండు రోజులు తిప్పింది.

ఒక తోటలో నాలుగో ఆర్డర్ ఎలిప్టిక్ పెట్టి వచ్చాం. మర్నాడే రైతు ఫోన్ చేసి, "సార్, గేజీ ఆరు చూపిస్తాంది, మీ పెట్టెలో ఐదున్నర కూడా రావడంల్యా" అన్నాడు. పెట్టెలో 5.35 బార్ ఉంది. సెన్సార్ మార్చాం, వైర్లు మార్చాం, అదే వచ్చింది. వాల్వు తిప్పి ప్రెషర్‌ని 3 బార్‌కి దించితే 2.67 చూపించింది. అప్పుడు అర్థమైంది: సెన్సార్ జీరో జరిగి ఉంటే తేడా రెండుచోట్లా ఒకే అంత ఉండేది, ఇక్కడ మాత్రం నిష్పత్తి మారలేదు, రెండుసార్లూ 0.891 దరిదాపుల్లోనే. అది సరిగ్గా 1 డెసిబెల్ తగ్గుదల. చెబిషెవ్‌కైనా ఎలిప్టిక్‌కైనా ఆర్డర్ సరిసంఖ్య అయితే సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ రిపిల్ అడుగున కూర్చుంటుంది, బేసి అయితే పైన 1 దగ్గర ఉంటుంది. అవుట్‌పుట్‌ని 1.122తో గుణిస్తే ప్రెషర్ సరిపోతుంది గానీ, రిపిల్ శిఖరాల దగ్గరున్న అదురు 12 శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

మేం రిపిల్‌నే 0.1 డెసిబెల్‌కి బిగించాం. బటర్‌వర్త్ 15కి, చెబిషెవ్ 8కి ఎక్కాయి, ఎలిప్టిక్ మాత్రం 5 దగ్గర ఆగింది. అది బేసిసంఖ్య కాబట్టి సున్నా దగ్గర గెయిన్ 1, ప్రెషర్ సరిగ్గా వచ్చింది, అదురులో తప్పు 1.2 శాతం లోపే. పైగా ఆర్డర్ మొదటి స్పెసిఫికేషన్‌లోని చెబిషెవ్ కంటే కూడా తక్కువ.

అపోహ: అయితే ఎప్పుడైనా ఎలిప్టిక్కే.

ఎలిప్టిక్ స్టాప్‌బ్యాండ్‌లో ఎంత దూరం పోయినా గెయిన్ మళ్లీ మళ్లీ 40 డెసిబెల్స్ గీత దాకా లేస్తుంది. మొదటి స్పెసిఫికేషన్‌లోనే 500 హెర్ట్జ్ దగ్గర చెబిషెవ్ 81, బటర్‌వర్త్ 111 డెసిబెల్స్ తగ్గిస్తాయి. మీ నాయిస్‌లో పెద్ద భాగం 300 దగ్గర కాకుండా 500, 700లో ఉంటే చెబిషెవ్ వైపు చూడండి. అందుకే ఏ ఫిల్టరూ ఎంచుకోకముందు, మోటారు నడుస్తుండగా ఒక నిమిషం ముడి డేటా రికార్డ్ చేసి దాని స్పెక్ట్రమ్ చూస్తాం.