'పుష్పవిలాపం' పర్యావరణ పఠనం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' మీద పర్యావరణ విమర్శ రాయమంటే ఏటా అదే వాక్యం వస్తుంది: "పూలు కోయరాదని, చెట్లను కాపాడాలని కవి సందేశమిచ్చాడు." మార్కులు పోయేది ఇక్కడే.

అపోహ: పర్యావరణ పఠనం అంటే పద్యంలో సందేశం వెతకడం.

కాదు. ఎవరు ఎవరికి ఏమిస్తున్నారు, వాళ్ళ మధ్య మనిషి ఎక్కడున్నాడు అని చూడాలి. "గాలిని గౌరవింతుము" పద్యమే తీసుకోండి. పూలు గాలికి సుగంధం పూస్తాయి, తుమ్మెదలకు తేనెతో విందు చేస్తాయి, మనిషి కళ్ళకు హాయినిస్తాయి. వరసలో మనిషి మూడోవాడు. అతని వాటా చూపు వరకే. ఎంత చూసినా పువ్వు తరగదు, కోస్తే మాత్రం గాలి వాటా, తుమ్మెద వాటా కూడా పోతాయి. "తల్లికి బిడ్డకు వేరు సేతువే" అన్న నిలదీత ఈ లెక్క తర్వాతే వస్తుంది.

దానికి ముందు పద్యంలో, ఆయువు తీరాక తీగతల్లి 'కాలి వ్రేళ్ళపై' కన్నుమూస్తామని పూలు అంటాయి. తల్లి కాలివేళ్ళకూ తీగ వేళ్ళకూ మనకున్నది ఒకటే మాట. రాలిన పువ్వు ఆ వేళ్ళ దగ్గరే కుళ్ళి ఎరువవుతుంది. కోసుకుపోతే ఆ తిరుగు ప్రయాణం తెగుతుంది.

పద్యం వదిలేసినదీ రాయాలి. తేనె తాగిన తుమ్మెద ఊరికే పోదు, పుప్పొడి మోస్తుంది. కాయ, గింజ ఈ పద్యంలో లేవు. కవి పువ్వును బిడ్డగానే చూశాడు, రేపు తల్లి కాబోయేదిగా చూడలేదు.

అపోహ: పూలు మాట్లాడాయి కాబట్టి ఇది అశాస్త్రీయం.

పూలు నోరు విప్పగానే అంతవరకు 'నేను' అన్న మనిషి 'నీవు' అయిపోయి, నిలబడి వినాల్సి వస్తుంది. మనం పట్టుకోవాల్సింది ఆ మార్పునే.

అపోహ: పూలు ముట్టినవాళ్ళంతా దోషులు.

ఓసారి క్లాసు అయ్యాక ఒకమ్మాయి నా దగ్గర ఆగిపోయింది. వాళ్ళమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు కొని, మాలలు కట్టి అమ్ముతుంది. "దారాలు, సూదులు అన్న పద్యం మా అమ్మ గురించేనా మేడమ్?" అంది. చాలా టెన్షన్ పడుతోంది. నాకు మనసు చివుక్కుమంది.

"కొమ్మ వంచింది పూజకని వచ్చిన మనిషి, తిట్లు మాత్రం అతనితో ఆగక 'మీ యాడువారు' అంటూ ఆడవాళ్ళకూ పడ్డాయి. పూలు పండించే రైతుకు, మాల కట్టి బతికే మనిషికి ఈ పద్యంలో చోటే లేదు. అది పద్యానికున్న హద్దమ్మా, మీ అమ్మ తప్పు కాదు. అదే రాయి" అన్నాను.

రాసింది. చివర్లో తనే ఇంకో మాట చేర్చింది: అమ్ముడుపోని బంతిపూలను వాళ్ళమ్మ రోజూ రాత్రి కరివేపాకు చెట్టు మొదట్లో వేస్తుందట.