నిద్రలో పళ్లు కొరికే పసిపిల్లలు

గుంటూరు బ్రాడీపేటలో రెండున్నరేళ్ల బాబు రాత్రిళ్లు పక్కగదికి వినిపించేంతగా పళ్లు కొరుకుతున్నాడనుకుందాం. "కడుపులో పురుగులున్నాయే, మందు వేయించు" అంటుంది నాయనమ్మ. ఏడాది దాటిన పిల్లలకు ప్రభుత్వం ఇప్పించే ఆల్బెండజోల్ తప్పక వేయించవలసినదే. అయితే పురుగుల వల్లే పిల్లలు పళ్లు కొరుకుతారనడానికి గట్టి ఆధారం లేదు కనుక, ఆ మాత్రతో శబ్దం ఆగకపోతే కంగారు పడనక్కరలేదు.

నిద్ర కాస్త తేలికపడే క్షణాల్లో మెదడు కొద్ది సెకన్లపాటు సగం మేలుకొన్నట్లవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు లయగా బిగుసుకుంటాయి. మనకు వినిపించే కరకర అదే. ఇరవై పాలపళ్లు పూర్తిగా వచ్చేసరికి దాదాపు మూడేళ్లు నిండుతాయి, ఈ వయసులో ఇది చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది, ఎక్కువమందిలో శాశ్వత దంతాలు వస్తున్న వయసులో దానంతటదే తగ్గిపోతుంది.

చూడవలసినది శబ్దాన్ని కాదు, పంటిని. పగటి వెలుతురులో బాబును ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పెదవి ఎత్తి చూస్తే, ముందుపళ్ల అంచులు కొంచెం చదునుగా, నున్నగా, మెరుస్తూ ఉండవచ్చు. పై పంటి అరిగిన చోటు కింది పంటి అరిగిన చోటుతో సరిపోతే అది కొరకడం వల్ల వచ్చిన అరుగుదలే. కొద్దిపాటిదైతే భయం లేదు. పాలపంటి ఎనామెల్ పలుచన కాబట్టి అరుగుదల ముదిరితే లోపలి పసుపుపచ్చని డెంటీన్ బయటపడుతుంది. అది కనిపించినా, పంటి అంచు విరిగినా, చల్లని నీళ్లు తాగితే బాబు ఏడ్చినా, ఉదయం దవడ పట్టుకుని తిండి వద్దన్నా పిల్లల దంతవైద్యుడికి చూపించాలి. దవడ పళ్ల నమిలే భాగంలో చిన్న గుంటలు పడితే, అది కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల కావచ్చు. గోధుమరంగు మచ్చ, మెత్తదనం ఉంటే అది పిప్పిపన్ను, దాని వైద్యం వేరు.

అన్నిటికంటే ముఖ్యంగా నేను అడిగేది గురక గురించి. జలుబు లేని రోజుల్లో కూడా బాబు నోరు తెరిచి పడుకుంటూ, గురకపెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్లై ఉలిక్కిపడుతుంటే, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ లేదా గొంతులోని టాన్సిల్స్ వాచి శ్వాసకు అడ్డుపడుతున్నాయేమో చూడాలి. అటువంటప్పుడు నిద్ర పదేపదే చెదురుతుంది, కొరకడమూ పెరగవచ్చు. చెవి, ముక్కు, గొంతు వైద్యుడి పరీక్ష పంటి పరీక్షంత అవసరమవుతుంది. అందుకే వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు, బాబు గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ, నోరు కనిపించేలా రెండు నిమిషాల వీడియో తీసుకోవడం మంచిది.

పళ్లు అరగకుండా రాత్రిపూట తొడుక్కోమని పెద్దలకు ఇచ్చే నైట్‌గార్డు ఈ వయసుకు సాధారణంగా ఇవ్వరు. దవడ పెరుగుతూ, పళ్లు ఇంకా వస్తూ ఉంటాయి కాబట్టి దాని అమరిక త్వరగా తప్పిపోతుంది. ఇతర సమస్యలేవీ లేకుంటే వైద్యుడు పళ్ల ఫోటో తీసి ఉంచి, ఆరు నెలల తరువాత మళ్లీ రమ్మంటాడు; అప్పటి అరుగుదలను ఆ ఫోటోతో పోల్చి చూసి, పెరిగిందో లేదో తేల్చి చెబుతాడు.