యాప్‌లో 12, రాక్‌లో సున్నా: లేని స్టాక్ గురించి అపోహలు, వాస్తవాలు

కస్టమర్లు లోపలికి రాని, యాప్ ఆర్డర్ల కోసమే సరుకు ఉంచే డార్క్ స్టోర్‌లో స్టాక్ లెక్కలు చూసుకోవడం నా పని. డబ్బు కట్టేశాక కస్టమర్‌కు ‘ఈ వస్తువు అందుబాటులో లేదు’ అని మెసేజ్ వెళ్లిందంటే, చాలాసార్లు దాని వెనక సిస్టమ్‌లో మాత్రమే మిగిలిన స్టాక్ ఉంటుంది. దీని గురించి మా ఫీల్డ్‌లోనే కొన్ని తప్పుడు నమ్మకాలు పాతుకుపోయాయి.

అపోహ: లెక్కలో తగ్గిందంటే ఎవరో ఎత్తుకెళ్లినట్టే.

దొంగతనాలు జరగవని అనను. కానీ ముందు ఇన్‌వర్డ్, అంటే వచ్చిన సరుకును సిస్టమ్‌లో ఎక్కించే చోటు చూడాలి. మేం తరచూ చూసే రకం కేసు ఒకటి చెబుతాను. ఒకే బ్రాండ్ సబ్బు, ఒకటి వేప, ఒకటి చందనం. ధర ఒకటే, అట్టపెట్టె కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆర్డర్ పెట్టింది చెరో 24. సప్లయర్ పంపింది వేప 36, చందనం 12. ఇన్‌వర్డ్‌లో ఉన్న మనిషి ఒక్కో రకంలో ఒక సబ్బు స్కాన్ చేసి, ఇన్‌వాయిస్ చూసి 24, 24 అని కొట్టేశాడు. మొత్తం 48 సరిపోయింది, విలువా సరిపోయింది. రాక్‌లో సర్దిన కుర్రాడు రంగు చూసి దేని బిన్‌లో దాన్నే పెట్టాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చందనం రోజుకు నాలుగు పోతుందనుకుందాం. మూడు రోజుల్లో రాక్ ఖాళీ. సిస్టమ్‌లో ఇంకా 12 ఉన్నాయి. ఎనిమిదికి దిగితేనే కొత్త ఆర్డర్ వెళ్లేలా సెట్ చేశారు కాబట్టి సరుకు రాదు. వేపది దీనికి తలకిందులు. సిస్టమ్‌లో ఎనిమిదికి దిగగానే మరో 24కి ఆర్డర్ వెళ్తుంది, అప్పటికి రాక్‌లో 20 సబ్బులున్నా సరే. ఇక్కడ ఎవరూ ఏమీ తీసుకెళ్లలేదు. అయినా చందనంలో 12 తగ్గాయి కాబట్టి ఆర్డర్ సరుకును రాక్‌లోంచి తీసే నైట్ షిఫ్ట్ పికర్ల బ్యాగులు వెతుకుతారు. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: ఆర్డర్లు వస్తూ ఉంటే సిస్టమే సర్దుకుంటుంది.

సర్దుకోదు. ఆర్డర్ పడగానే ఒక సబ్బు ఆ కస్టమర్ పేరున పక్కకు వెళ్లి, సిస్టమ్‌లో 11 అవుతుంది. పికర్ వెతికి ‘దొరకలేదు’ నొక్కుతాడు. ఆ ఐటమ్ క్యాన్సిల్ అవుతుంది, డబ్బు వెనక్కి వెళ్తుంది, లెక్క మళ్లీ 12 అవుతుంది. తర్వాత వచ్చిన కస్టమర్‌కు అదే 12 కనిపిస్తుంది. ‘దొరకలేదు’ అనగానే ఆ బిన్‌ను హోల్డ్‌లో పెట్టే ఏర్పాటు లేకపోతే ఇది ఎన్ని రోజులైనా ఇలాగే తిరుగుతుంది.

అపోహ: దొరకకపోతే వెంటనే సున్నా చేసేస్తే సరి.

హోల్డ్ వేరు, సున్నా వేరు. హోల్డ్ చేస్తే అమ్మకం ఆగుతుంది, లెక్క మాత్రం తేలేదాకా అలాగే ఉంటుంది. ఆ సమయంలో పక్క బిన్లు, రిటర్న్స్ ట్రే, ఇంకా సర్దని పెట్టెలు, ప్యాక్ అయి బయటకు వెళ్లని ఆర్డర్లు చూడాలి. లెక్కపెట్టే మనిషికి సిస్టమ్ అంకె చూపించకూడదు. చూపిస్తే కళ్లు ఆ అంకెనే వెతుక్కుంటాయి.

చందనంలో 12 తక్కువ, పక్కనే వేపలో 12 ఎక్కువ అని తేలితే జవాబు దాదాపు దొరికినట్టే. అప్పుడు ఇన్‌వర్డ్ రికార్డు తీయండి. రెండు ఎంట్రీలు కొన్ని సెకన్ల తేడాలో, ఇన్‌వాయిస్ అంకెలతోనే పడి ఉంటే అక్కడ లెక్కపెట్టలేదని అర్థం. చందనంలో 12 తగ్గించి, వేపలో 12 పెంచి, రెంటికీ ఒకే కారణం రాయాలి. చందనాన్ని ‘నష్టం’ కింద రాసేస్తే అసలు కారణం మాయమై, నింద స్టోర్ మనుషుల మీద మిగులుతుంది.

అపోహ: ఇది చిన్న, క్రమశిక్షణ లేని షాపుల సమస్య.

అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థకు చెందిన 37 స్టోర్లలో దాదాపు 3,70,000 రికార్డులను నికోల్ డిహొరాటియస్, అనంత్ రామన్ అనే పరిశోధకులు పరిశీలించారు. 2008లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 65 శాతం రికార్డులు అసలు స్టాక్‌తో సరిపోలలేదు.

అపోహ: ఏడాదికోసారి మొత్తం లెక్కిస్తే చాలు.

మార్చిలో లెక్కించిన స్టాక్ ఏప్రిల్‌లో వచ్చే ఇన్‌వర్డ్ తప్పును ఆపలేదు. పైగా విలువ మాత్రమే చూసే ఆడిట్‌లో మన సబ్బుల తేడా బయటపడనే పడదు. ఇరవై నాలుగు గంటల్లో రెండుసార్లు ‘దొరకలేదు’ వచ్చిన ఐటమ్, రోజూ పోతూ ఒక్కసారిగా అమ్మకం ఆగిన ఐటమ్, రాక్‌లో రెండు మూడే మిగిలిన ఐటమ్, వీటిని ఆ రోజే లెక్కించాలి. మిగిలింది మూడే అయితే లెక్కించడానికి నిమిషం పట్టదు. ఒకేలా కనిపించే రకాలు వచ్చినప్పుడు మాత్రం ఇన్‌వర్డ్‌లో అంకె కొట్టే వీలు తీసేసి, ఒక్కో పీసూ స్కాన్ చేయించండి. 48 సబ్బులకు మహా అయితే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.