దేవుడి వనాలు, పుణ్యనదులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

దేవుడి పేరుతో నరకకుండా వదిలే పవిత్ర వనాల మీద పనిచేస్తున్నానని చెబితే వినేవాళ్ళు రెండు మాటల్లో ఒకటి అంటారు. "మన పెద్దలకు పర్యావరణం ఎప్పుడో తెలుసు" అని కొందరు, "అదంతా మూఢనమ్మకం" అని కొందరు. ఏ మాట అనడానికీ వనంలో అడుగు పెట్టాల్సిన పని లేదు. అదే నా చిరాకు.

అపోహ: దేవుడి వనాన్ని ఎవరూ ముట్టుకోరు.

కర్ణాటకలోని కొడగులో దేవరకాడులనే పవిత్ర వనాల లెక్క చూడండి. 1905 నాటి రికార్డుల్లో 873 వనాలు, మొత్తం 6,277 హెక్టార్లు. 1985 నాటికి వనాలు 1,214 అయ్యాయి, విస్తీర్ణం మాత్రం 2,550 హెక్టార్లకు పడిపోయింది. సంఖ్య ఒక్కటే చెబితే వనాలు పెరిగాయని సంబరపడొచ్చు. భాగించి చూస్తే ఒక్కో వనం సగటున ఏడు హెక్టార్ల నుంచి రెండుకు వచ్చింది.

ఈ ఎనభై ఏళ్ళలో దేవుళ్ళు మారలేదు, పండుగలూ ఆగలేదు. కానీ 1905లో ఈ భూములు అటవీ శాఖ నుంచి రెవెన్యూ శాఖ చేతికి వెళ్ళి, 1985లో గానీ తిరిగి రాలేదు. చుట్టూ కాఫీ తోటలు పెరిగి, భూమికి ధర వచ్చింది. ఆక్రమణ అంచు నుంచి లోపలికి పాకింది.

రెండు హెక్టార్లు మిగిలాయి కదా అనకండి. అది చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు దాదాపు 140 మీటర్లు. నట్టనడుమ నిలబడినా దగ్గరి అంచు 70 మీటర్లే. ఎండ, వేడిగాలి అంచు నుంచి పదుల మీటర్లు లోపలికి చొరబడతాయి కాబట్టి నిజమైన చల్లటి నడిమి భాగం పెద్దగా మిగలదు. అందుకే వనంలోకి వెళ్ళగానే నేను పైకి చూడను, నేల చూస్తాను. పెద్ద చెట్ల కింద వాటి సొంత మొలకలు, నడుము ఎత్తు మొక్కలు ఉన్నాయా? వాటి చోట లాంటానా అనే కలుపు పొద కమ్ముకుందా? మొలకలు లేకపోతే పైన కనిపించే మహావృక్షాలు చివరి తరం కావచ్చు.

అపోహ: వనం మిగిలిందంటే సంప్రదాయమే కాపాడింది.

కావచ్చు, కాకపోనూ వచ్చు. నాగలి దిగని రాతి వాలు మీద ఉన్న వనం దేవుడు లేకపోయినా మిగిలేదేమో! కాబట్టి అదే వాలు, అదే నేల ఉండి దేవుడి పేరు లేని పక్క అడవిని వెతికి, రెండింటినీ పోల్చాలి. తర్వాత ఊళ్ళో అడగాలి: ఏది నిషేధం, ఎవరికి నిషేధం, తప్పు చేసినవాడికి ఆఖరిసారి జరిమానా ఎప్పుడు పడింది? "ఎండుకొమ్మ తీస్తే పాము కరుస్తుంది" అన్న భయం కూడా పనిచేసే నియమమే. దాని వెనుక జీవవైవిధ్యం ఆలోచన ఉండనక్కర్లేదు. మనమే తర్వాత దాన్ని వాళ్ళ నోట్లో పెడుతుంటాం.

అపోహ: గ్రంథం చూస్తే ఏ మతం పచ్చనిదో తెలిసిపోతుంది.

1967లో చరిత్రకారుడు లిన్ వైట్ పర్యావరణ సంక్షోభం మూలాలను పాశ్చాత్య క్రైస్తవంలో చూపాడు. మరుసటి ఏడాదే భూగోళ శాస్త్రవేత్త యీ-ఫూ టువాన్ చైనాను చూపించాడు: ప్రకృతిని అంతగా గౌరవించిన తాత్వికత ఉన్నచోటే అడవులు నరికారు. బౌద్ధంతో వచ్చిన దహన సంస్కారం కూడా కలప మీద భారం పెంచిందట.

అపోహ: నదిని తల్లి అనేవాళ్ళు దాన్ని పాడుచేయరు.

పావనత్వం వేరు, శుభ్రత వేరు. గంగ పాపాలు కడుగుతుందని నమ్మే మనిషికి నీళ్ళలో మురికి కనిపించినా, తల్లికి మైల అంటుతుందని అనిపించదు. ఒక్కోసారి ఆ నమ్మకమే "ఆమెకేం కాదులే" అన్న ధీమాగా మారుతుంది. వారణాసిలో సంకట్ మోచన్ ఆలయ మహంత్‌గా ఉన్న వీరభద్ర మిశ్రా హైడ్రాలిక్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా కూడా పనిచేశారు. భక్తితో గంగలో మునుగుతూనే, 1982లో పెట్టిన ఫౌండేషన్ ద్వారా ఆ నీటి పరీక్షలు చేయించారు. స్నానానికి తగిన నీటిలో మలసంబంధ కోలిఫామ్ బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 2,500 దాటకూడదు.

అలాగని తప్పంతా పూలదండల మీద, దీపాల మీద వేయడం కూడా పొరపాటే. అవి కంటికి కనిపిస్తాయి, అంతే. కోలిఫామ్‌ను పెంచేది ప్రధానంగా ఊరి మురుగు. నమ్మకం కలగకపోతే మురుగు కాలువ నదిలో కలిసే చోటుకి కాస్త ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీళ్ళు పట్టి పరీక్షకు పంపండి. పండుగ రోజు కాదు, మామూలు మంగళవారం పట్టండి.