"ఇంకా ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి?" - అపోహలు, వాస్తవాలు

జీతం ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత అని అడగడం అయ్యాక రిక్రూటర్ నుంచి దాదాపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. "ప్రస్తుతం ఇంకా ఏ కంపెనీల్లో ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి? ఎంతవరకు వచ్చాయి?" చాలామంది ఇక్కడే తడబడతారు. కొందరు లేని ఆఫర్ ఉందంటారు. కొందరు కంపెనీల పేర్లతో సహా అంతా చెప్పేస్తారు. ఇంకొందరు "అదేం లేదండీ" అని దాటేస్తారు. మూడింటివల్లా అభ్యర్థికే నష్టం.

అపోహ: ఇది మనల్ని ఇరికించడానికి అడిగే ప్రశ్న.

వాస్తవం: చాలావరకు అడిగేది టైమ్ గురించే. కంపెనీలో పనిచేసే రిక్రూటర్ మనసులో ఒక లెక్క నడుస్తుంటుంది. తమ దగ్గర ఇంకా మూడు రౌండ్లు ఉన్నాయి, ప్యానెల్‌లో ఒకరు వచ్చే వారం సెలవు, ఆఫర్‌కి పైవాళ్ల ఆమోదం రావడానికి మరికొన్ని రోజులు. ఈలోగా ఈ అభ్యర్థి చేజారిపోతాడా లేదా? ఆ లెక్క తేలాలంటే వాళ్లకు కావలసినవి రెండే: మీరు ఏ దశలో ఉన్నారు, ఏ తేదీలోపు నిర్ణయం చెప్పాల్సి ఉంటుంది. ఎవరితో పోటీ పడాల్సి వస్తుందో, జీతం ఎంతవరకు పెంచాల్సి వస్తుందో తెలుసుకోవాలనీ ఉంటుంది, కాదనలేం. కానీ దానికి జవాబు మీరు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

అపోహ: పేర్లు చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

వాస్తవం: చెప్పనని చెప్పడం వేరు, తప్పుగా చెప్పడం వేరు. "పేర్లు చెప్పడం నాకు ఇష్టం లేదండీ, దశలూ తేదీలూ మాత్రం చెప్తాను" అంటే చాలు. సరైన రిక్రూటర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు. తమ కంపెనీ పేరు కూడా మీరు ఇంకోచోట చెప్పరని వాళ్లకు అర్థమవుతుంది.

అడుగుతున్నది కన్సల్టెన్సీ అయితే ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఫలానా కంపెనీలో ఫలానా పోస్టు ఖాళీగా ఉందన్న కబురు వాళ్లకు వ్యాపారం. మీరు పేరు చెబితే, అదే పోస్టుకి వాళ్లు ఇంకో నలుగురి రెజ్యూమేలు పంపే అవకాశం ఉంది. మీ పోటీని మీరే పెంచుకున్నట్టవుతుంది.

ఒక్కచోట మాత్రం పేరు తప్పకుండా చెప్పాలి. కన్సల్టెన్సీ మీ ప్రొఫైల్‌ను ఒక కంపెనీకి పంపుతానన్నప్పుడు, అదే కంపెనీకి మీరు ముందే సొంతంగానో ఇంకో కన్సల్టెన్సీ ద్వారానో అప్లై చేసి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పండి. ఒకే రెజ్యూమే రెండు దారుల్లో చేరితే కమీషన్ ఎవరికన్న తగాదా వస్తుంది. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీ అభ్యర్థినే పక్కన పెట్టేయడం జరుగుతుంటుంది. అందుకే "ముందు ఏ కంపెనీకి పంపుతున్నారో చెప్పండి, అక్కడ నేను అప్లై చేశానో లేదో వెంటనే చెప్తాను" అనడం రెండు వైపులా న్యాయం.

అపోహ: ఆఫర్ ఉందని చెబితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: నిజంగా ఉంటే అవుతుంది. లేకపోతే తర్వాతి ప్రశ్నకే చిక్కు మొదలవుతుంది. "ఎప్పటిలోపు జవాబు చెప్పాలి? ఆఫర్ లెటర్ వచ్చిందా? జాయినింగ్ డేట్ ఎప్పుడు?" అని వరుసగా అడుగుతారు. మీ జవాబులు నోట్స్‌గా రాసుకుంటారు, ఆ నోట్స్ హైరింగ్ మేనేజర్ కూడా చదవొచ్చు. ఈ శుక్రవారమే గడువన్న ఆఫర్ రెండు వారాల తర్వాత కూడా అలాగే ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇంకో ప్రమాదం మరీ పెద్దది. "అంత తొందరలో మా ప్రాసెస్ పూర్తవదు, మీరు ఆ ఆఫరే తీసుకోండి" అని మర్యాదగా ఫైల్ మూసేస్తారు. లేని ఆఫర్ కోసం ఉన్న అవకాశం పోతుంది.

అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేకపోయినా మాట జారడం వల్ల జరిగే పొరపాట్లే ఎక్కువ. అప్లై చేసి ఊరుకున్నదాన్ని "ఇంటర్వ్యూ నడుస్తోంది" అనకండి. మేనేజర్‌తో మాట్లాడటం మిగిలి ఉంటే "ఫైనల్ రౌండ్ అయిపోయింది" అనకండి. ఫోన్‌లో "మిమ్మల్ని తీసుకోవాలనుకుంటున్నాం" అన్నది నోటిమాట. జీతం, జాయినింగ్ డేట్ రాసి ఉన్న కాగితం చేతికొచ్చాకే అది ఆఫర్ లెటర్. ఏది ఉంటే అదే చెప్పండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరికి నాలుగు చోట్ల కదలిక ఉందనుకోండి. మొదటి కంపెనీకి అప్లై చేశారు, జవాబు లేదు. రెండోదాంట్లో రెండు రౌండ్లు అయ్యాయి, చివరిది వచ్చే గురువారం. మూడోది నోటిమాటగా ఆఫర్ చెప్పింది, లెటర్ సోమవారం పంపుతామంది, అది అందిన వారంలోపు జవాబు కావాలంది. ఇప్పుడు నాలుగో కంపెనీ రిక్రూటర్ ఫోన్ చేశారు. వాళ్లకు నాలుగు రౌండ్లు, మామూలుగా మూడు వారాలు పడుతుంది. అప్పుడు ఇలా చెప్పొచ్చు:

"రెండు చోట్ల నడుస్తున్నాయండీ. ఒకచోట చివరి రౌండ్ వచ్చే గురువారం. ఇంకోచోట ఆఫర్ ఇస్తామని నోటితో చెప్పారు, లెటర్ సోమవారం వస్తుందన్నారు. వస్తే వారంలోపు జవాబు చెప్పాలి. మీ పోస్టులో పని నాకు నచ్చింది. ఆలోపు మీ రౌండ్లు ఎంతవరకు పూర్తి చేయగలరు?"

మొదటి కంపెనీ ఊసే లేదు, ఎందుకంటే అక్కడ ఏదీ నడవడం లేదు. లెటర్ ఇంకా రాలేదన్నదీ దాచలేదు. చివర్లో ఒక ప్రశ్న ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం. వీలైతే రిక్రూటర్ రెండు రౌండ్లు ఒకే రోజు పెట్టిస్తారు, లేదా మూడో కంపెనీని కొన్ని రోజులు గడువు అడగమంటారు. వీలుకాకపోతే అదీ ఇప్పుడే తెలిసిపోతుంది.

అపోహ: ఎక్కడా నడవడం లేదంటే చులకనైపోతాం.

వాస్తవం: "ఇప్పుడే వెతకడం మొదలుపెట్టానండీ, మీదే మొదటి కాల్" అన్నది పూర్తిగా మామూలు జవాబు. చూసి చూసి ఎంచుకుని అప్లై చేస్తుంటే ఆ మాటే చెప్పండి. మీకు తొందర లేదని తెలిస్తే వాళ్లు తమ వేగంతో వెళ్తారు, అంతే. నెలల తరబడి వెతుకుతున్నా ఆ లెక్క మీ అంతట మీరు చెప్పనక్కర్లేదు. "ప్రస్తుతానికి వేరే చోట ఇంటర్వ్యూ దశలో ఏమీ లేవు" అన్నది నిజమే, సరిపోతుంది.

అపోహ: మొదటి కాల్‌లో చెప్పేశాం కదా, ఇక చెప్పాల్సింది లేదు.

వాస్తవం: రిక్రూటర్ ఆ తేదీల మీదే షెడ్యూల్ వేస్తారు. కాబట్టి తేదీ మారిన రోజే రెండు ముక్కలు మెయిల్ చేయండి: "ఆఫర్ లెటర్ ఈరోజు అందింది. వచ్చే సోమవారం సాయంత్రంలోపు జవాబు చెప్పాలి." లెటర్ చూపించమని అడిగితే చూపడం మీ ఇష్టం. అందులో గోప్యత షరతు ఉందేమో మాత్రం ముందు చదువుకోండి. చూపినా చూపకపోయినా అంకెలు మార్చి చెప్పొద్దు.

అవతలి ఆఫర్ తప్పిపోయినా ఇదే పద్ధతి. మీ తొందర చూసి నాలుగో కంపెనీ ప్యానెల్‌ను ముందుకు జరిపి ఉంటే, "ఆ గడువు ఇక లేదండీ, రౌండ్లు మీ వీలునుబట్టి పెట్టండి" అని చెప్పాలి. ఎందుకు తప్పిపోయిందో వివరించక్కర్లేదు. అవతలి ఆఫర్ మీరే ఒప్పుకుంటే సంతకం పెట్టిన రోజే మిగిలిన రిక్రూటర్లందరికీ తెలియజేయండి, మీకోసం పట్టి ఉంచిన స్లాట్ ఇంకొకరికి వెళ్తుంది.