కుందుల మీద 925: తెలుపు ఎక్కడ మిగిలిందో చూడండి

అనంతపురం నుంచి మా చెల్లెలు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపి, వెంటనే ఫోన్ చేసింది. తెలిసినవాళ్ల ద్వారా ఎవరో పాత వెండి కుందుల జత అమ్ముతున్నారట. రెండూ కలిపి 640 గ్రాములు. "అడుగున 925 అని ఉంది అన్నా, తీసుకోవచ్చా?" అని అడిగింది. అడ్వాన్స్ ఇవ్వలేదు కాబట్టి నాకు టెన్షన్ లేదు. ఫొటోలు తీరిగ్గా చూశాను.

మొదటి ఫొటోలో ముద్ర ఉంది. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అది కేవలం అంకె. ఎవరైనా కొట్టొచ్చు. మన దేశంలో హాల్‌మార్క్ అంటే కేంద్రప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ త్రిభుజం గుర్తు, SILVER అన్న మాట, స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే HUID కోడ్. వెండికి ఈ HUID పద్ధతి 2025 సెప్టెంబరు 1న మొదలైంది, అదీ స్వచ్ఛందంగానే. అంతకుముందు ముద్ర వేయించిన వస్తువుల మీద HUID లేకపోయినా బీఐఎస్ గుర్తు ఉంటుంది. కుందుల మీద ఆ రెండూ లేవు. అంటే 925 అన్నది అమ్మేవాళ్ల మాట మాత్రమే.

HUID ఉన్నా ఫొటోను నమ్మి ఊరుకోకూడదు. BIS CARE యాప్‌లో Verify HUID దగ్గర ఆ ఆరు కొడితే అది ఏ రకం వస్తువో, స్వచ్ఛత ఎంతో కనిపిస్తుంది. చేతిలో కుంది ఉండి, యాప్‌లో పట్టీలు అని వస్తే ఆ ముద్ర వేరే వస్తువుది. అందుకే ముద్ర ఒక్కటే దగ్గరగా తీసిన ఫొటో వద్దు. ముద్ర దగ్గర మొదలుపెట్టి మొత్తం వస్తువు వరకు ఆపకుండా తీసిన చిన్న వీడియో అడగండి.

ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే అసలు విషయం దొరికింది. అంకెల అంచులు మొద్దుగా, కరిగిన సబ్బు మీద అక్షరాల్లా ఉన్నాయి. 9 లోపలి గుంతలో ఇసుక రేణువుల లాంటి గరుకు, రెండు సూదిమొన రంధ్రాలు. ఉక్కు ముద్రతో సుత్తి దెబ్బ కొడితే ఇలా రాదు. దెబ్బకు లోహం పక్కకు జరుగుతుంది. అంకె చుట్టూ సన్నని గట్టు లేస్తుంది, అడుగు నున్నగా ఉంటుంది, పలుచని రేకైతే వెనకవైపు చిన్న బొడిపె కూడా కనిపిస్తుంది. లేజర్‌తో చెక్కిన ముద్ర ఇంకోలా ఉంటుంది: లోతు ఉండదు, సన్నని గీతలు, కొంచెం బూడిద రంగు. కుందుల మీద ఉన్నది ఈ రెండూ కాదు. అది పోతలోనే వచ్చిన ముద్ర. కరిగిన లోహం అచ్చులోని సన్నని మూలల్లోకి పూర్తిగా వెళ్లదు. దాని ఉపరితలం నీటిబొట్టు లాగా గుండ్రంగా ముడుచుకుంటుంది. చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది కూడా. అందుకే అంచులు మొద్దుబారతాయి.

ఒక్క క్షణం ఆలోచించండి. హాల్‌మార్క్ అనేది వస్తువు తయారయ్యాక, పరీక్ష చేశాక వేసేది. పోతలో వచ్చిన అంకె లోహం కరగకముందే అచ్చులో ఉంది. ఆ అచ్చులో వెండి పోసినా 925 వస్తుంది, ఇత్తడి పోసినా 925 వస్తుంది. కొందరు తయారీదారులు నిజమైన వెండికే అంకెను అచ్చులో పెడతారు కాబట్టి పోత ముద్ర కనిపించగానే మోసం అనలేం. ఆ లోహాన్ని పరీక్షించారని మాత్రం అది చెప్పదు.

ఇక రెండో ఫొటో, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి: నలుపు. చాలామంది "నల్లబడింది కాబట్టి నకిలీ" అంటారు. ఇంకొందరు "నల్లబడింది కాబట్టి అసలు వెండే" అంటారు. ఒక్క మాటలో తేలే విషయం కాదిది. గాలిలో కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి వెండి సల్ఫైడ్, Ag2S, పొర కడుతుంది. మా కర్నూలులో ఉల్లి మార్కెట్‌కు వచ్చే కాలంలో ఇంట్లో బుట్టెడు ఉల్లిపాయలు పోసుకుంటాం. అదే అల్మారాలో వెండి పెట్టి చూడండి, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. వెండి గ్లాసుకు రబ్బరు బ్యాండు చుట్టి ఉంచితే దాని కిందే నల్లని గీత పడుతుంది, రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి. పట్టీలు నల్లబడితే ఒంట్లో వేడి అనీ, పిల్లల మొలతాడు నల్లబడితే దిష్టి అనీ అంటుంటారు, నిజానికి అదీ ఈ సల్ఫైడ్ పొరే. బడిలో ఈ రసాయన చర్యను బోర్డు మీద రాయించే బదులు ఉడికిన గుడ్డు పచ్చసొనలో వెండి చెంచా గుచ్చి అరగంట ఆగమంటే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఆ పొర మొదట్లో నల్లగా ఉండదు. పదుల నానోమీటర్ల మందంలో ఉన్నప్పుడు పొర పైతలం నుంచి వచ్చే వెలుగు, కింద వెండి నుంచి వచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను చంపుతాయి. వాన రోజు రోడ్డు మీద పెట్రోలు మరకలో కనిపించే రంగుల్లాంటివే ఇవి. మందం పెరిగేకొద్దీ లేత పసుపు, బంగారు గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. ఇలా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా జారే అంచులు కనిపిస్తే పైన ఉన్నది వెండే. కొత్త వస్తువును పాతదిగా చూపించడానికి గంధకపు మందు పూస్తే మూలల్లో ఒకేరకం నలుపు కూర్చుంటుంది, దాని చుట్టూ ఈ రంగుల మెట్లు సాధారణంగా కనిపించవు.

కానీ "పైన ఉన్నది వెండే" అన్నాను, గమనించండి. వెండి పూత కూడా వెండే. దానికీ అవే రంగులు వస్తాయి. మరి పూతను ఎలా పట్టుకోవాలి? చేయి తగిలే చోట చూడాలి. అంచులు, పట్టుకునే నడుము, బల్లకు ఆనే అడుగు, నగిషీలో ఎత్తైన పూలు. గట్టి వెండి అయితే ఏళ్ల తరబడి తోమినా అరిగిన కొద్దీ కింద మళ్లీ వెండే బయటపడుతుంది. అందువల్ల ఎత్తైన చోట్లు తెల్లగా మెరుస్తాయి, గుంతలు నల్లగా ఉంటాయి. పూత వేసినదాంట్లో బొమ్మ తిరగబడుతుంది. పూత వెంట్రుక మందం కంటే చాలా పలుచన. అరిగే చోటే ముందు పోతుంది, అక్కడ పసుపో, కందిన ఎరుపో, మసక బూడిదో తేలుతుంది. తోమే చేయి వెళ్లని గుంతలో, నలుపు తుడిస్తే, తెల్లని వెండి ఇంకా ఉంటుంది. ఎత్తున తెలుపు, గుంతలో నలుపు: గట్టి వెండి లక్షణం. ఎత్తున పసుపు, గుంతలో తెలుపు: పూత.

ఫొటోలో పసుపును నమ్మడానికి ఒక జాగ్రత్త కావాలి. బల్బు వెలుగులో అన్నీ పసుపే. అందుకే పగటి వెలుగులో, పక్కన తెల్లకాగితం, ఒక రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ తీయమన్నాను. మన రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలు, రంగు పోల్చడానికి పనికొస్తుంది. కొత్త ఫొటోలో కాగితం తెల్లగానే ఉంది, కుంది అంచు మాత్రం గడ్డి పసుపు. నడుము దగ్గరా అంతే. కింది పువ్వు రేకుల సందులో మాత్రం తెలుపు మిగిలి ఉంది.

మూడో ఫొటో ప్రమిద లోపలిది. అక్కడ ఆకుపచ్చ మైనం లాంటి మడ్డి పేరుకుంది. దీపపు నూనె పాతబడితే దాంట్లో ఆమ్లాలు పుడతాయి, అవి రాగితో కలిసి ఆకుపచ్చ చిలుము అవుతాయి. 925 వెండిలోనూ వెయ్యికి 75 పాళ్ల దాకా రాగి ఉంటుంది కాబట్టి కొంచెం పచ్చదనం రావచ్చు. కానీ ఇక్కడ గోడంతా పచ్చగా ఉంది, వత్తి పెట్టే ముక్కు దగ్గర మందంగా కట్టింది. అంత రాగి ఎక్కడిది? రాగి, నికెల్, జింకు కలిపిన జర్మన్ సిల్వర్ అని నా అనుమానం. పేరులో సిల్వర్ తప్ప దాంట్లో వెండి చుక్క కూడా ఉండదు.

అనుమానం తీరడానికి తూకం. కుంది పైనున్న ప్రమిద మర తిప్పితే ఊడి వస్తుందని చెల్లెలు చెప్పింది. అది నా అదృష్టం, ఎందుకంటే కుంది కాడలు చాలావరకు బోలుగా ఉంటాయి, లోపల లక్క నింపుతారు. అలాంటి భాగాన్ని నీళ్లలో తూస్తే లెక్క తప్పుతుంది. ప్రమిదను చిలుము పోయేలా కడిగి తూస్తే 84.6 గ్రాములు. తర్వాత గ్లాసు నీళ్లు త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేసి, ప్రమిదను దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయమన్నాను. అడుగుకు, గోడకు తగలకూడదు, బుడగలు అంటుకుని ఉండకూడదు. త్రాసు 9.7 చూపించింది. అది ప్రమిద తోసిన నీటి బరువు, అంటే దాని ఘనపరిమాణం 9.7 ఘన సెంటీమీటర్లు. 84.6ని 9.7తో భాగిస్తే సాంద్రత 8.7.

వెండి సాంద్రత 10.49, రాగి 8.96. వాటిని 925 పాళ్ల లెక్కన కలిపితే దాదాపు 10.36 రావాలి, త్రాసు 8.2 దగ్గర ఆగాలి. చిన్న త్రాసులో 0.1 గ్రాము అటూ ఇటూ పోయినా 8.7 అన్నది 10కి ఎక్కదు. జర్మన్ సిల్వర్ సరిగ్గా 8.7 చుట్టుపక్కలే ఉంటుంది. "వద్దులే అన్నా, వెనక్కి ఇచ్చేస్తా" అంది.

ఈ తూకానికి ఒక హద్దుంది. 925కూ 900కూ మధ్య ఇది తేడా చెప్పలేదు. 84.6 గ్రాముల వస్తువులో ఆ తేడా నీళ్లలో 0.03 గ్రాములే. దానికి పరీక్షా కేంద్రానికి వెళ్లాలి. అక్కడా ఎక్స్‌రే యంత్రం చూసేది పైపొరనే. వెండి వస్తువును ఆమ్లంలో ముంచి తెల్లబరిచినప్పుడు పైపొరలోని రాగి కొంత కరిగిపోతుంది, లోపలికన్నా పైన వెండి శాతం ఎక్కువవుతుంది. అందుకే అడుగున కనిపించని చోట కొంచెం గీకి చూపించమని అడగడం మంచిది.

ఫోన్ పెట్టేముందు చెల్లెలు ఇంకో వస్తువు తెచ్చింది. మా అమ్మ మాకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె. ప్రొద్దుటూరులో కొన్నదని అమ్మ చెప్పేది. దాని మీద ఏ ముద్రా లేదు. వీడియోలో చూశాను: ముక్కు చివర, అమ్మ బొటనవేలు ఆనే చోట తెల్లగా అరిగి ఉంది, అడుగున అంచు వెంబడి గోధుమ రంగులోంచి నీలంలోకి సన్నగా జారుతోంది. బరువు 61.2 గ్రాములు, నీళ్లలో 5.9. చెల్లెలే భాగించి "10.4 వచ్చింది అన్నా" అంది.